ఏడాది అనుభవం కలదు

విడవలూరు బస్టాండు ఎదుట కామాక్షయ్య బాబాయ్ నెట్ సెంటర్ ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో సగం మంది అర్జీలు ఆయన చేతి మీదుగానే వెళ్ళాయి. పింఛనైనా, పాసుపుస్తకమైనా ఆయనది ఒకటే సూత్రం. అర్జీలో 'లేదు' అన్న మాట ఉండకూడదు. ఆ సూత్రమే నా కొంప ముంచింది.

నేను కావలిలో ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. వేసవిలో ఆరు వారాల ఇంటర్న్‌షిప్ కోసం, నెల్లూరులో రొయ్యల గుంటలకు సెన్సర్లు తయారుచేసే ఒక కంపెనీకి మెయిల్ రాసుకున్నాను. వాళ్ళు తీసుకునేది ఒక్కరినే. 'నాకు బయట పనిచేసిన అనుభవం లేదు, క్లాసులో చేసిన ప్రాజెక్టులే ఉన్నాయి' అని ఉన్నది ఉన్నట్టే రాశాను. మార్కుల మెమో స్కాన్ చేసి జత చేయమని బాబాయ్‌కి చెప్పి, ఆయన కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి, అమ్మ ఫోన్ చేస్తే బయటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పంపేశాడు.

పంపింది తెరిచి చదివాను. నా 'లేదు' పోయి, 'ఏడాది అనుభవం కలదు' వచ్చి కూర్చుంది.

"ఏంది బాబాయ్ ఇది? నేనెక్కడ పనిచేసినా?"

"లేదని రాస్తే ఎవురు పిలుస్తారమ్మాయ్? నీ మంచికే మార్చినా."

చేసిందంతా చేసి, టీ తాగుతావా అని అడిగాడు మహానుభావుడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సరిదిద్ది ఇంకో మెయిల్ పెట్టబోతుండగానే ఫోన్ మోగింది. ఆ కంపెనీ ఇంజనీరు విజయకుమారి గారు.

"ఏడాది ఎక్కడ చేశావమ్మా?"

పక్కనుంచి బాబాయ్ ఏదో ఒకటి చెప్పమని సైగలు. ఏం చెప్పను, ఆయన తలకాయా?

"ఎక్కడా చేయలేదు మేడం. ఆ మాట నేను రాసింది కాదు. కానీ నా మెయిల్ నుంచే వచ్చింది, తప్పు నాదే. క్లాసు ప్రాజెక్టులు తప్ప నాకింకేం లేవు."

ఇంక ఇంటర్న్‌షిప్ పోయిందిలే అనుకున్నాను.

"క్లాసులో ఏం చేశావు?"

"తొట్టిలో నీళ్ళు తగ్గితే బజర్ మోగేది మేడం. నీళ్ళు కదిలినా ఊరికే మోగతా ఉండేది. పది రీడింగులు వరసగా తక్కువొస్తేనే మోగేట్టు మార్చినా."

"గుంటల్లో గాలి కోసం పెట్టిన ఏరేటర్లు తిరిగితే నీళ్ళు కదిలి మాకూ అదే తలనొప్పి. ఆ సంగతి మెయిల్‌లో ఎందుకు రాయలేదు? నీ మాటల్లో రాసి పంపు. ప్రోగ్రాం కూడా జత చెయ్యి."

బాబాయ్ తన కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోమన్నాడు. 'లేదు'తోనే మొదలుపెట్టి, బజర్ కథంతా రాసి పంపాను. మర్నాడు మధ్యాహ్నం జవాబు అక్కడే చూశాం. కాలేజీ నుంచి అనుమతి పత్రం తెచ్చుకుని మే మొదటి సోమవారం రమ్మన్నారు.

నేను ఎగిరి గంతేశాను. బాబాయ్ మాత్రం ఆ జవాబు ప్రింటు తీసి రెండుసార్లు చదివాడు.

"లేదని రాసినా పిలుస్తారా?"

"పిలిచినారు గదా బాబాయ్."

"నేను డిప్లొమా ఫస్ట్ క్లాసులో పాసయినా అమ్మాయ్. అనుభవం లేదు గదా అని ఒక్క కంపెనీకి కూడా అర్జీ పెట్టుకోలా."

సగం ఊరికి వేల అర్జీలు రాసిపెట్టిన మనిషి. ఈసారి టీ తాగుతావా అని నేనే అడిగాను.