మూత తీయని పెట్టె

మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్ రాయమల్లుకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. కానీ హనుమకొండ మొత్తంలో వెంట్రుకంత సన్నని గాజు గొట్టం లాగాలంటే ఆయన తర్వాతే ఎవరైనా. బర్నర్ మంట మీద గాజు కడ్డీని తిప్పుతూ, అది మెత్తబడే క్షణం చూసి రెండు చేతులూ చాపేవాడు. ఆ గొట్టాలతోనే మా పిల్లలు నీరు ఎంత ఎత్తు ఎక్కిందో కొలిచి తలతన్యత లెక్కగట్టేవాళ్లు. గొట్టాన్ని ముందు లోతుగా ముంచి, పైకి లేపి, తర్వాతే కొలవాలనేది ఆయన నియమం. లోపలి గాజు ముందే తడవకపోతే నీరు అబద్ధం చెబుతుందనేవాడు.

ఆయన పద్మశాలి. తండ్రి గుంటమగ్గం మీద బతికిన మనిషి. దారం ఎండితే తెగుతుందని వేసవిలో మగ్గం చుట్టూ నీళ్లు చల్లే ఇంట్లో పెరిగాడు. గాలిలో తడి ఎంతుందో ఆయనకు చర్మమే చెప్పేది. నాకు అది చెప్పడానికి పరికరం కావాలి. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

1981 ఏప్రిల్. నేను, మల్లికార్జున్ అనే ముప్పై రెండేళ్ల లెక్చరర్‌ని, పత్తికి మందు కొట్టే స్ప్రేయర్ నుంచి ఎంతెంత చుక్కలు వస్తాయో కొలుస్తున్నాను. ఎంఫిల్‌కు అదే నా పని. మైనం పూసిన గాజు పలక మీద నీటి చుక్కలు పడాలి, అవి ఆరకముందే గాజు మూత బిగించాలి. ఎండాకాలం గాలికి చుక్కలు రెప్పపాటులో ఎగిరిపోతున్నాయి. రాయమల్లు చిన్న గాజు పెట్టె కట్టి, చుట్టూ తడి గోనె తెరలు వేలాడదీశాడు. ఆ తెరల మధ్య స్ప్రే చేసి మూత పెట్టి గ్రీజు పూస్తే చుక్కలు నిలిచాయి. పెట్టెను మందపాటి ఇత్తడి పలక మీద పెట్టమన్నదీ ఆయనే, వేడి అంతటా ఒక్క తీరుగా ఉంటుందని.

ఆ రోజు పదకొండింటికి మైక్రోస్కోపులో చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. అరవై మైక్రాన్ల వ్యాసం ఉన్న చుక్కలు కొన్ని, వాటి చుట్టూ పది మైక్రాన్ల చిన్నవి వందలు. క్లాసులు చెప్పి నాలుగింటికి వచ్చాను. చిన్నవి ఒక్కటీ లేదు. పెద్దవే మిగిలాయి.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రాయమల్లు ఏ గాజు కనిపించినా తుడవందే ఊరుకోడు, అది లోకమంతా ఎరిగిన అలవాటు. మూత తీసి ఉంటాడని తేల్చేశాను.

"ఎందుకు తీశావు మూత?" అన్నాను.

"నేను తియ్యలే సార్. అటు దిక్కు గూడ పోలే."

"మరి చుక్కలు ఏమయ్యాయి? కాళ్లొచ్చి నడిచిపోయాయా?"

ఆయన జవాబు చెప్పబోయాడు. నేను వినలేదు. అప్పుడే ప్రిన్సిపాల్‌కు మెమో రాసిచ్చాను, ప్రయోగాన్ని పాడుచేశాడని. ఆ వారమే ల్యాబ్ అసిస్టెంట్ ప్రమోషన్ల జాబితా హైదరాబాదుకు వెళ్లాలి. పందొమ్మిదేళ్ల సర్వీసు తర్వాత ఆయన పేరు అందులో మొదటిది. మెమో ఉన్నవాడి పేరు జాబితాలో ఉండదు. నాకు అది తెలుసు. తెలిసే రాశాను.

మా హెడ్ సారంగపాణి మెత్తని మనిషి. మర్నాడు రాయమల్లును పిలిచి, "ఒక్క ముక్క క్షమాపణ రాసియ్యి, మెమో నేను ఆపిస్తా," అన్నారు.

"చేయని తప్పుకు ఎట్ల రాయాలె సార్? నాకు ప్రమోషన్ రాకపోతే రాకపాయె గని, తప్పుజేసి దాసిన దొంగ అనిపిచ్చుకోను."

సారంగపాణి గారు తల పట్టుకున్నారు. మెమో వెళ్లింది, జాబితా కూడా ఆయన పేరు లేకుండానే వెళ్లింది.

మూడో రోజు నేను పెట్టెను ఖాళీ చేద్దామని చెయ్యి పెడితే రాయమల్లు అడ్డొచ్చాడు.

"జర ఆగుండ్రి సార్. ఒక్క మాట అడుగుత. నేను మూత తీస్తే, మన ఎండకు పెద్ద చుక్కలు మాత్రం ఉంటయా?"

నేను తలెత్తాను.

"తడి గోనె లేకుంటే అరవై మైక్రాన్లది గూడ రెప్పపాటుల పోతదని మీరే చూసిండ్రు గద. అవి ఉన్నయంటే మూత తియ్యనట్టే. ఇగ చిన్నయి ఏడికి పోయినయో మీరే చెప్పాలె. పెద్దయి ఎంతున్నయో కొలిచిండ్రా?"

కొలవలేదు. చిన్నవి లేవన్న కోపంలో పెద్దవాటిని చూడనే లేదు. మైక్రోస్కోపు తిప్పాను. ఆ రోజు అరవై అని రాసిన చుక్క ఇప్పుడు అరవై ఆరుంది. పక్కదీ పెరిగింది. లెక్క వేస్తే, పెరిగిన ఆ నీరు డెబ్భై చిన్న చుక్కల నీటితో సమానం. చుట్టూ ఉన్న చిన్నవే ఆవిరై వచ్చి పెద్దవాటిలో చేరాయి. బయటికి ఒక్క బొట్టు పోలేదు.

ఎనిమిదేళ్లుగా నేను ప్రతి ఏటా బోర్డు మీద రాస్తున్న కెల్విన్ సమీకరణం ఇదే. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. చుక్క ఎంత చిన్నదైతే దాని తలం అంత ఎక్కువ వంగి ఉంటుంది, ఆ వంపు మీద ఉన్న అణువును పట్టి ఉంచే పక్కవాళ్లు తక్కువ, అందుకే అది తేలిగ్గా ఎగిరిపోతుంది. అంటే బాష్పపీడనం ఎక్కువ. పది మైక్రాన్ల చుక్కకు ఆ ఎక్కువ పదివేలకు రెండు వంతులే, కానీ మూసిన పెట్టెలో గంటల తరబడి అదే చాలు. చిన్నది పోతుంది, పెద్దది తాగుతుంది. బోర్డు మీద ఉన్నంతసేపూ నాకు అది అక్షరాలే. కళ్లెదుట జరిగితే దొంగతనం అనుకున్నాను.

రాయమల్లుకు చెప్పాను. ఆయన తన గొట్టాన్ని చూపించి, "దీంట్ల నీళ్లు గుంటగ ఉంటయి గద సార్, చుక్క ఉబ్బుగ ఉంటది. మరి ఈడ ఉల్టనా?" అన్నాడు.

అవును, ఉల్టాయే. నీటిని గొట్టంలో పైకి లాగే తలతన్యతే చుక్కను గుండ్రంగా బిగిస్తుంది. గొట్టంలో పైతలం గుంటగా ఉంది కాబట్టి అక్కడ బాష్పపీడనం తక్కువ. తక్కువ కాకపోతే ఏమయ్యేదో ఆలోచించమన్నాను. నీళ్లలో గొట్టం నిలబెట్టి మూసిన జాడీలో పైకి పోయేకొద్దీ ఆవిరి పలచబడుతుంది. పైన గొట్టంలో నీరు కింది నీటిలాగే ఆవిరైతే, ఎక్కడం, ఆవిరవడం, కిందికి రావడం ఎవరూ తోయకుండానే ఎప్పటికీ తిరుగుతూ ఉండాలి.

"అట్లైతే నీళ్లెక్కిచ్చే నా కరెంటు మోటరు అమ్ముకునేటోన్ని," అన్నాడు రాయమల్లు. ఆ మూడు రోజుల్లో నవ్వడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ప్రిన్సిపాల్‌కు రాశాను, తప్పు నాదేనని, నేను చెప్పే పాఠమే నాకు తెలియలేదని. రాయమల్లు దాన్ని తెలుగులో చదివి వినిపించమన్నాడు. చదివాను.

"మంచిగ రాసిండ్రు సార్. గని ఆ పొద్దు నన్ను ఒక్క మాట చెప్పనియ్యలే."

నా ఉత్తరం హైదరాబాదు చేరేసరికి జాబితా సంతకాలు అయిపోయాయి. మళ్లీ ఆ పోస్టులు రాలేదు. 1988లో ఆయన అటెండర్‌గానే రిటైరయ్యాడు.

ఆ ఏడేళ్లూ కెల్విన్ పాఠం రోజున ఆయన్ను క్లాసుకు పిలిచేవాణ్ని. పెట్టె పట్టుకొచ్చి చుక్కల సంగతి పిల్లలకు తన మాటల్లో చెప్పేవాడు. గోనె తెరలు, ఇత్తడి పలక, అరవై, అరవై ఆరు, అన్నీ చెప్పేవాడు. మెమో సంగతి ఒక్కసారీ చెప్పలేదు. ఆఖరి ఏడాది నేనే లేచి, ఆ రోజు ఈయన్ను దొంగను చేసింది నేనే అని పిల్లలకు చెప్పాను.

రాయమల్లు పెట్టె మీద గుడ్డ కప్పుతూ, "చుక్కలు పోయినయంటే ఎవరికైన అట్లనే అనిపిస్తది బిడ్డా," అన్నాడు. "జర పెద్దయి గూడ కొలవుండ్రి."