రీచ్ అయిన లుంగీలు

మా మనవరాలు వేలూరులో ప్రకటనలు చేసిపెట్టే చిన్న ఆఫీసులో పనిచేస్తుంది. నేను గుడియాత్తంలో, మా వీధి చివర మగ్గాల షెడ్డులో కండెలు చుడతాను. ఆ షెడ్డు యజమాని, మేము మొదలాళి అంటాం, పాత గళ్ళ లుంగీలు ఒక్క పడుగు నూలుకు వచ్చినన్ని మాత్రం నేయించి, అయిపోతే మళ్ళీ లేదని ఫోన్లలో ప్రకటన వేయించి అమ్మాడు. ఆ ప్రకటన పని మా పిల్లకే వచ్చింది. అమ్మకం ముగిసింది. జరిగిందేమిటో మొదలాళికి రాసివ్వడం మిగిలింది. తొలిసారిగా ఆ రిపోర్టు తానొక్కతే రాస్తోంది. ఆయన సరే అంటేనే తర్వాతి పని దాని ఒక్కదాని చేతికే ఇస్తామని ఆఫీసులో చెప్పారట.

ఆదివారం మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక కాగితాల కట్టతో.

"ఇదేమే, పెండ్లిపత్రికలా?"

"లుంగీ రిపోర్టు అవ్వా."

"ఒక పడుగుకా? నేసినోడు గూడా ఇంత నూలు వాడుండడే!"

నాకు ఇంగ్లీషు రాదు. చదివి చెప్పమన్నాను. మొదటి పేజీలోనే రీచ్ అని ఒక మాట, పక్కన నా నోరు తిరగనంత పెద్ద అంకె.

"అన్ని లుంగీలు రీచ్ అయినాయా? యాడ నేసినారే? మన ఊరి మగ్గాలన్నీ కలిపినా కాదే!"

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళ ఆఫీసులో రీచ్ అంటే ప్రకటన ఎంతమంది ఫోన్లలో కనబడిందన్న లెక్కట. మా వీధిలో రీచ్ అంటే సరుకు చేరడం. మొదలాళి రోజూ లారీ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగేది అదొక్కటే: "బేలు రీచ్ అయినాదా?"

అది గుర్తొచ్చి నవ్వు సగంలో ఆపేసింది.

"అయ్యో అవ్వా, ఆయన గూడా అట్లే అనుకుంటాడు."

"అనుకొని, మిగతా లుంగీలు యాడ దాచినావని నిన్నడుగుతాడు."

ఆ మాట కొట్టేసి, 'ప్రకటన కనబడిన ఫోన్లు' అని రాసి పేజీ అడుక్కి దించింది. ఆ ఊపులో మిగతావన్నీ తిరగేసింది. ఒకచోట పోయినసారితో పోలిక అని ఉంది.

"పోయినసారి యాడుండాది?"

"లేదు. ఆఫీసు నమూనాలో ఉండాదని సున్నా పెట్టినా. శానా పెరిగినట్టు కనబడుతుందిలే."

"పుట్టినప్పుడు నాకు పండ్లు లేవు. ఇప్పుడు ఆరుండాయి. పెరిగినట్టేనా?"

అదీ కొట్టేసింది. వచ్చే నెల ఏం చేయాలో రాసిన పేజీ తీసేసింది, అమ్మడానికి లుంగీయే లేదు కదా. లైకుల బొమ్మలు, రోజువారీ గీతలు ఆయన అడిగితే కంప్యూటర్లో చూపిస్తానంది. మిగిల్చింది కొంచెమే: మొదట ఆయన ఏం కోరాడు, ఎన్ని అమ్ముడయ్యాయి, ఒప్పుకున్న డబ్బులో ఎంత ఖర్చయింది, ఏ ప్రకటన చూసి ఎక్కువమంది కొన్నారు. కొన్ని ఆర్డర్లు ఎట్లా వచ్చాయో తెలియదని కూడా రాసింది.

చివరి కాగితం ఒకటి మడిచి ఒళ్ళో పెట్టుకుంది. అడిగితే గొణిగింది. కొన్ని లుంగీలు తిరిగొచ్చాయట. మా పక్క లుంగీ కొంటే అంచులు కలిపి కుట్టించుకోవాలని ఎవరికీ చెప్పనక్కర్లేదు. దూరాన కొన్నవాళ్ళు విప్పి చూసి, అంచులు విడిగా ఉండడంతో చినిగిన లుంగీ పంపారని తిప్పి పంపేశారు. ప్రకటనలో ఆ సంగతి రాయనిది మా పిల్లే.

"ఇది రాస్తే పని పోతుంది అవ్వా."

"తిరిగొచ్చినవి నా రాట్నం పక్కనే పేర్చి ఉండాయి. ఆయన దినమూ వాటిమీదే కూర్చొని టీ తాగుతాడు. రాయకుంటే కనబడవా?"

మూతి ముడిచి, ఆ కాగితాన్ని రిపోర్టు మధ్యలో పెట్టింది.

సోమవారం పొద్దున షెడ్డులో మొదలాళి, ఆ లుంగీల మీదే కూర్చుని, పిల్లచేత రిపోర్టును తమిళంలో చెప్పించుకుంటూ విన్నాడు. నేను కండె చుడుతూ చెవి అటే వేశాను.

"ఫోన్లో కనబడినాదంటే, చూసినట్టేనా అమ్మా?"

"కనబడినాది. చూసినారో లేదో చెప్పలేను సార్."

"ఇంట్లో నా సంగతీ అంతే," అని నవ్వాడు.

తిరిగొచ్చిన వాటి లెక్క దగ్గరికి రాగానే నవ్వు ఆపి పిల్ల ముఖం చూశాడు. "కుట్టుకోవల్లని రాయలేదా నువ్వు?"

"లేదు సార్. తప్పు నాదే."

ఆయన తన కిందున్న లుంగీ అంచు తడిమాడు. "నేనూ చూసి సరే అన్నా గదా. నాకూ తోచలేదు." తర్వాత వెనక్కి తిరిగి టైలరును పిలవమని ఎవరికో చెప్పాడు, తిరిగొచ్చినవన్నీ కుట్టించి కొన్నవాళ్ళకు మళ్ళీ పంపడానికి. "ఆ సంగతి వాళ్ళకు ఈసారి నువ్వే రాయి అమ్మా, పెద్దక్షరాల్లో."

పిల్ల మధ్యాహ్నం బస్సుకు వెళ్ళింది. తీసేసిన కాగితాలు నేను పారేయలేదు. వెనకవైపు తెల్లగా ఉన్నాయి, బియ్యం డబ్బాల కింద పరిచాను. వేలూరు చేరి ఫోన్ చేసింది.

"అవ్వా, రీచ్ అయినా."

"ఎంతమందికి?" అన్నాను.