జానీ బీ కట్టిన బుడగల కమాను

తిరునాళ్లలో, పెళ్లిళ్లలో బుడగలమ్మి ఇద్దరు కూతుళ్లను చదివించింది తెనాలి జానీ బీ. 1996లో భట్టిప్రోలు చర్చి పెద్ద యోబు మాస్టారు ఆమె ఇంటికి వచ్చి, క్రిస్మస్‌కు చర్చి గేటు దగ్గర బుడగల కమాను కట్టమని అడిగారు. అప్పటిదాకా బుడగలను గుత్తులుగా కట్టడమే గానీ, కమాను కట్టి ఎరగదామె. అయినా "కడతానండి" అంది.

దారానికి కడితే బుడగలన్నీ జారి ఒకచోట పోగుపడతాయని ఆమెకు తెలుసు. అందుకని బట్టల మూటలకు చుట్టే ప్లాస్టిక్ పట్టీ తెచ్చి, రెండంగుళాలకొక చిల్లు పెట్టింది. ఊరికే మేకు గుచ్చితే పట్టీ నిలువునా చీలిపోయింది. వేడి మేకుతో పెడితే అంచు కరిగి గట్టిపడింది. బుడగ మూతి ముడిని ఆ చిల్లులోంచి లాగితే అవతల పట్టుకుని ఆగిపోయింది.

పండగనాడు తొలి బస్సుకే వచ్చింది. సంఘంలోని ప్రేమకుమారి, దేవకుమారి బుడగలు ఊదారు. జానీ బీ ఒక్కొక్కదాన్నీ అట్టముక్కలో కోసిన గుండ్రటి కంతలో పెట్టి చూసి, ఒకే సైజువి ఏరి, ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి పట్టీకి ఎక్కించింది. గేటుకు చెరోవైపు పాతిన గుంజలకు పట్టీ రెండు కొసలూ కట్టారు. నడిమి భాగం మనుషుల తలలకు తగిలేంతగా వేలాడింది.

"ఏంటమ్మా ఇది, ఊయల కట్టినట్టుంది?" అన్నారు యోబు మాస్టారు.

ఇద్దరు ముగ్గురు పట్టీ పట్టుకుని లాగారు. గుంజలు లోపలికి వంగాయి గానీ, వంపు పోలేదు.

"లాగకండయ్యా, తెగిపోద్ది. ఇందులో ఉన్నది మన ఊపిరేగా, దానంతటది తేలదు. మోసేది ఇంకోటి ఉండాలి. నేను ముందే ఆలోచించాల్సింది, తప్పు నాదేనండి," అంది జానీ బీ. ఆమె ముఖం ఎర్రబడింది. ఆరాధనకు రెండు గంటలే ఉంది.

పందిరి వేసినవాళ్లు వదిలేసిన పచ్చి వెదురు బద్దలు గోడవారన కనిపించాయి. వాటిని జత చేసి, అతుకుల దగ్గర మూరెడు మేర ఒకదానిపై ఒకటి పెట్టి బిగించింది. ఆ పొడవాటి బద్దను విల్లులా వంచి, రెండు కొసలనూ మూరెడు లోతు గుంటల్లో దింపి, చుట్టూ ఇటుకముక్కలు వేసి దిమ్మిస కొట్టించింది. కమాను నెత్తిన ముందుకొకటి, వెనక్కొకటి తాళ్లు కట్టి, నేలలో దిగ్గొట్టిన మేకులకు బిగించింది. ఆ తర్వాతే పట్టీని నెత్తి మీంచి మొదలుపెట్టి, ఇరువైపులా కిందికి జానెడుకొక ముడి వేస్తూ బద్దకు కట్టింది. చేత్తో తడిమి, వదులుగా ఉన్నచోట ఇంకో ముడి వేసింది. బుడగల చాటున బద్ద కనిపించకుండా పోయింది.

గంట కొట్టారు. యోబు మాస్టారు కమాను కింద ఆగి, తలెత్తి చూసి, "ఇప్పుడు నిలబడిందమ్మా" అన్నారు. సాయంత్రం కాలవ గాలికి బుడగలు ఊగాయి గానీ, కమాను ఒంగలేదు.

మరుసటి ఏడు రేపల్లె నుంచి, ఆ పైన బాపట్ల నుంచి పిలుపులొచ్చాయి. ఎవరడిగినా ఆమె తిరిగి అడిగిన మొదటి మాట, "మీ దగ్గర వెదురు ఎక్కడ దొరుకుద్దండీ?"