స్కేలు సారూ, అడ్డగీతా

వనపర్తిలో మా ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ డిపార్ట్‌మెంట్ హెడ్‌కి జేబులో పెన్ను లేకపోయినా చేతిలో స్టీలు స్కేలు మాత్రం ఉండేది. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు తీసుకెళ్తే చదివేవాడు కాదు. ప్రతి పేజీకి కుడివైపు స్కేలు పెట్టి, అక్షరం మార్జిన్ దాటిందా అని చూసేవాడు. దాటితే సంతకం లేదు. సంతకం లేకపోతే వైవా లేదు.

ఆ స్కేలుకు ఒక కారణం లేకపోలేదు. మా సీనియర్ల రిపోర్టులు గద్వాలలో బైండింగ్ అయ్యాయి. బైండింగ్ చేసేవాళ్లు అట్ట వేశాక మూడు పక్కలా కత్తి పెట్టి అంచులు కోస్తారు. మార్జిన్ దాటి అంచుదాకా పోయిన ప్రోగ్రాం లైన్ల తోకలు ఆ కత్తికి తెగిపోయాయి. దానికి సారు కనిపెట్టిన మందు రెండు రకాలు: ప్రోగ్రాం అయితే అక్షరాలు చీమ తలకాయంత చేయడం, వెబ్ అడ్రస్ అయితే మధ్యలో అడ్డగీత పెట్టి ఎంటర్ కొట్టడం. ఇంత చదువు చదివి నేర్చుకున్నది ఇదీ.

అన్నిటికంటే పొడుగు అడ్రస్ ఆయనదే. ఆయన రాసిన పేపరు ఒకటి ఆన్‌లైన్‌లో ఉంది. ప్రతి విద్యార్థీ రిఫరెన్సుల్లో మొదట దాన్నే వేయాలన్నది మా డిపార్ట్‌మెంట్ ఆచారం. పత్తి విత్తనాల మీద చేసినా, బస్సు టైముల మీద చేసినా అదే.

నేను రిపోర్టును లాటెక్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేశాను. అందులో అడ్రస్‌ని ఎక్కడైనా విరవనిచ్చే ప్యాకేజీ ఉంది. అడ్రస్ తనంతట తానే కింది లైనుకు దిగుతుంది, కొత్తగా ఒక్క చుక్క కూడా చేరదు. ప్రోగ్రాం లైన్లకూ అంతే. పొడుగు లైన్లను విరిచే బ్రేక్‌లైన్స్ అనే సదుపాయం ఆన్ చేసి, కిందికి దిగిన ముక్క ముందు చిన్న బాణం గుర్తు పెట్టించాను, పై లైనే ఇంకా సాగుతోందని చదివేవాళ్లకు తెలియడానికి. అన్నీ మార్జిన్‌లోపలే ఉన్నాయి. స్కేలుకు పని దొరకలేదు. అదే ఆయనకు మండింది.

"ఏందమ్మా ఇది, అడ్రస్ ఇరిగింది, గీత ఏది?"

"గీత పెడితే కంప్యూటర్ అది కూడా అడ్రస్‌ల భాగమనుకుంటది సార్. పేజీ తెరుసుకోదు."

"నాకు చెప్తున్నవా? నా పేపర్ అడ్రస్ నాకు తెల్వదా? గీత పెట్టుకొని రా, లేకపోతే సప్లిమెంటరీ బ్యాచ్‌తోని వైవాకు రా."

సప్లిమెంటరీ బ్యాచ్ అంటే నెలల మాట. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. డిగ్రీ పూర్తయినట్టు కాగితం చూపించకపోతే అది పోతుంది. వీపనగండ్లలో మా నాన్న అప్పటికే ఊరందరికీ చెప్పేశాడు. పళ్లు కొరుక్కుంటూ ఆయన ఒక్క అడ్రస్‌కే గీత పెట్టాను. మిగతావి ముట్టుకోలేదు. ఆయన మిగతావి చూడనే లేదు. సంతకం పెట్టాడు.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా రిపోర్టు తెరిచి, మొదటి రిఫరెన్సు అడ్రస్‌ని అచ్చులో ఉన్నది ఉన్నట్టు ల్యాప్‌టాప్‌లో కొట్టాడు. పేజీ దొరకలేదు. మళ్లీ కొట్టాడు. దొరకలేదు.

"చదవని పేపర్లు రాసుకున్నవా?" అని నన్నే అడిగాడు. పక్కనే కూర్చున్న మా సారు గోడకేసి చూశాడు.

ఈ గీతకు నా ఉద్యోగం పోతుందా అనిపించింది. "లైను చివర గీత తీసేసి చూడండి సార్" అన్నాను.

తీశాడు. పేపరు తెరుచుకుంది, పైన మా సారు పేరుతో సహా.

ఎగ్జామినర్ బల్ల మీదున్న మిగతా రిపోర్టులు ఒక్కొక్కటే తిప్పాడు. అన్నిట్లోనూ అదే గీత. ఒకడు అక్షరాల సైజు మార్చాడేమో, వాడి దాంట్లో గీత లైను మధ్యలోనే నిలబడి ఉంది.

"పిల్లలు సార్, చూసుకోరు. కాపీ కొట్టుడే" అన్నాడు మా సారు. సిగ్గు లేని మనిషి.

"నన్ను పెట్టుకొని రమ్మన్నది మీరే గద సార్" అన్నాను.

ఎగ్జామినర్ నా మార్కులు వేసి, కాగితం మడిచి, నవ్వకుండా అన్నాడు: "అయితే ఈ రిపోర్టులు చూసి మీ పేపర్ తెరిసినోళ్లు ఇన్నేండ్లల్ల ఒక్కరు గూడ లేరన్నట్టు."

బయట వరండాలో సారు నన్ను ఆపాడు. తిడతాడనుకున్నాను. చేతిలో స్కేలు లేదు. మెల్లగా అడిగాడు:

"నువ్వు తెరిసినవు గదమ్మా. సదివినవా?"

చదివాను. రెండు పేజీలు, అందులో ఒకటి రిఫరెన్సులే. వాటిలో సగం ఆయన చేతి గీతలతో విరిగినవే, ఒక్కటీ తెరుచుకోలేదు.

"సదివిన సార్" అన్నాను. ఆయన ముఖం వెలిగింది. ఎట్లుందని మాత్రం అడగలేదు.