డబ్బా ఒకటి, బొమ్మ ఒకటి

మా అమ్మకు నాకంటే ముందు ఒక కూతురుండేది. నేను పుట్టడానికి చాలా ఏళ్ల ముందే, బెల్లంపల్లిలో జ్వరమొచ్చి పోయింది. నాకు అక్క అంటే అట్టడబ్బాలో పడుకున్న బొమ్మే. గనుల తెల్లదొరసాని ఒక క్రిస్మస్‌కు ఆ పిల్లకిచ్చిన బొమ్మ అది. మేం గోదావరిఖని క్వార్టర్లకు మారాక కూడా ట్రంకుపెట్టెలో బైబిలు పక్కనే దాని చోటు. ఆదివారం చర్చి నుంచి రాగానే అమ్మ మూత తీసి దాన్ని ముద్దు పెట్టుకునేది. నన్ను ముట్టనిచ్చేది కాదు. బతికున్నదాన్ని నేను, ముద్దులు దానికి. ఇరవై దాటినా ఆ కడుపుమంట చల్లారలేదు.

డెబ్బైలు మొదలైన కొత్తలో పాత సామాను కొనే సేటు ఒకాయన హైదరాబాదు నుంచి మా వైపు వచ్చాడు. దొరల కాలం నాటి గడియారాలు, గ్రామఫోన్లు, బొమ్మలు కొని బొంబాయిలో షోకున్నవాళ్లకు అమ్మేవాడు. నేనే ఇంటికి పిలిచాను. ఆ బొమ్మ గడప దాటితే చాలు నాకు. అమ్మ మాత్రం "అమ్ముడు గిమ్ముడు లేదు. చెయ్యి ఊడింది, అతికిస్తే సాలు" అంది. అంటూనే వాకిట్లోకి, వంటింట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. నాన్న గనిలో మొదటి షిఫ్టు దిగి వచ్చే వేళ అవుతోంది. ఆయన వచ్చేలోపు తేలిపోవాలని నా ఆత్రం.

సేటు ముందు నా చిన్నప్పటి రేకు కారు అందుకున్నాడు. నాకు మూడేళ్లప్పుడు నాన్న హైదరాబాదు నుంచి తెచ్చింది. "రంగు బ్రష్షుతోని ఏసింది కాదమ్మా, రేకు మీదనే అచ్చు కొట్టిన్రు. అంచులకు రేకు చెవులు తీసి, మడిచి బిగించిన్రు, సూడు." కారు తిరగేసి, అడుగున సన్నటి ఇంగ్లీషు అక్షరాలు నాతో చదివించాడు. ఆక్రమిత జపానులో తయారు, అని ఉంది. "జపాను ఓడినంక అమెరికోళ్లు ఏలిన్రు గద. ఈ ముద్ర ఆ కొన్నేండ్లదే. అంతకుముందు లేదు, ఎనుక లేదు. డబ్బా ఉన్నదా?"

"తెచ్చిననాడే చింపేసిన" అన్నాను.

ఆయన నాలుక చప్పరించాడు. "డబ్బా ఉంటే దాని పుట్టుక సగం అదే చెప్తది."

అందుకే డబ్బాతో సహా బొమ్మ రాగానే ఆయన మొహం వెలిగింది. బొటనవేలితో బొమ్మ వీపును గట్టిగా రుద్ది వాసన చూశాడు. మాకూ చూపించాడు. కర్పూరం వాసన. "సెల్యులాయిడు. ఇప్పటి ప్లాస్టిక్కుకు ఈ వాసన రాదు. పొయ్యి కాడికి తేకున్రి, భగ్గుమంటది." అమ్మకు గర్వంగా అనిపించింది. అంతలో ఆయన వీపు కిందిభాగం చూసి ఆగిపోయాడు. బొమ్మను కారు పక్కన బోర్లా పెట్టాడు. రెండింటి మీదా అవే మాటలు.

తర్వాత డబ్బా పట్టుకున్నాడు. దాని పక్కకు అంటించిన కాగితం మీద జర్మనీ అని ఉంది. బొమ్మ కదలకుండా మెడకూ నడుముకూ దారం కట్టడానికి అడుగున పొడిచిన రంధ్రాలున్నాయి. బొమ్మను పడుకోబెడితే అది పొట్టిదై, మెడ రంధ్రాలు తల దాటి పైన మిగిలాయి.

"అమ్మా, డబ్బా యుద్ధానికి ముందటిది. బొమ్మ దీంది కాదు. ఈ కారుకు జోడుది."

"నా బిడ్డ పోయినంకనే యుద్ధమొచ్చింది" అంది అమ్మ, ఆయనకు తెలియదేమో అన్నట్టు.

అక్క పోయినప్పుడు అమ్మ కూడా అదే జ్వరంతో దవాఖానాలో ఉంది. మట్టి చేసింది చూడలేదు. ఇంట్లో మిగిలిన ఖాళీ డబ్బా చూసి బొమ్మ ఏదని అడిగినప్పుడల్లా, ఇల్లెందులో మా మేనత్త దగ్గర దాచానని నాన్న ఏళ్ల తరబడి చెప్పాడట. చివరికి తెచ్చింది నా కారు తెచ్చిన ప్రయాణంలోనే. పీడ వదులుతుందనుకున్నదాన్ని, సేటు నోరు మూసుకుని ఉంటే బాగుండేదనుకున్నాను.

నాన్న టిఫిను డబ్బాతో గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ ఆయన్ను కూర్చోనివ్వలేదు.

"నా బిడ్డ బొమ్మ ఏది?"

నాన్న సేటును చూశాడు, కారును చూశాడు. గోడకు ఆనుకుని కిందికి జారాడు.

"బిడ్డను పెట్టెల పండవెట్టినప్పుడు దాని చేతులల్ల పెట్టిన. నువ్వు లేసినంక బొమ్మేది బొమ్మేదని ఒకటే అడుగుడు. మట్టిల పెట్టిన అని నీకెట్ల చెప్పాలె? గందుకే గసుంటిది ఎతికి తెచ్చిన."

ఇన్నేళ్లు మోసం చేశావని అమ్మ విరుచుకుపడుతుందనుకున్నాను.

"చేతులల్లనేనా? పక్కకు పెట్టినవా?"

"చేతులల్లనే. ఎదకు ఆనించి."

"అయితే నా బిడ్డ ఒక్కతె పోలే" అంది అమ్మ. మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క కోసం ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి.