కబురు రాని చెల్లింపు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. చైతన్యపురిలో ఆన్‌లైన్ మోడల్ పరీక్షలు అమ్మే చిన్న ఆఫీసులో స్వప్న ప్రోగ్రామర్. సర్వర్ కూడా ఆ గదిలోనే, ఆమె కాళ్ల దగ్గరే ఉండేది.

ఆ ఉదయం మన్సూరాబాద్ నుంచి బాపిరాజు వచ్చాడు.

"నిన్న మా అమ్మాయి పరీక్షలకి ఫీజు కట్టానమ్మా. బ్యాంకులో డబ్బు కట్ అయింది. మీ సైట్లో మాత్రం ఇంకా పెండింగ్ అనే ఉంది."

యజమాని మహేందర్ స్వప్న వైపు వంగి గొణిగాడు. "ఆంధ్రాయన. కట్టకుండనే కట్టిన అంటడు. మళ్ల కట్టుమను."

స్వప్నకు ఒళ్లు మండింది. "మనకు కబురు రాకపోతే ఆయన కట్టనట్టేనా సార్? నిన్న కరెంటు పాయె గద. పైసలు తీసుకునే గేట్‌వే కబురు పంపిన టైముకు మన సర్వరే బంద్ ఉన్నదేమో."

ఆర్డర్ నంబరు పంపి గేట్‌వేనే అడిగింది. చెల్లింపు పూర్తయిందని జవాబు వచ్చింది. కట్టిన మొత్తం కూడా ఫీజుతో సరిపోయాక ఆర్డర్ ఖాయం చేసింది. అంతటితో ఊరుకోలేదు. నిన్న కరెంటు పోయినప్పుడు మధ్యలో ఆగిపోయిన మిగతా పది ఆర్డర్ల గురించీ అడిగింది. ఎనిమిది మంది కట్టినవాళ్లే. ఇకమీద ఏ ఆర్డరైనా పావుగంట దాటి పెండింగ్‌లో ఉంటే సర్వరే గేట్‌వేను అడిగేలా ప్రోగ్రాం రాయడానికి కూర్చుంది.

"నన్ను నమ్మావు, అదే చాలమ్మా," అన్నాడు బాపిరాజు.

"నమ్ముడు కాదు సార్, అడిగిన," అంది స్వప్న, మహేందర్ వైపు చూడకుండానే. "మాకు అడుగక ముందే అనుమానపడుడు అలవాటైంది."