పదకొండు మంది సంగతి

నారాయణఖేడ్‌లో కుష్టు నివారణ కార్యకర్త కాలేబు. సైకిలు మీద ఊరూరా తిరిగి మచ్చలు చూసేవాడు, మందులిచ్చేవాడు. స్పర్శ పోయిన పాదాలకు కొలతలు తీసి మెత్తటి రబ్బరు చెప్పులు కుట్టించేవాడు. 1987 వేసవిలో హైదరాబాదులో ఫిజియోథెరపీ టెక్నీషియన్ శిక్షణకు దరఖాస్తులు అడుగుతూ ప్రకటన పడింది. పని దగ్గరుండి చూసిన డాక్టరు సిఫారసు తప్పనిసరి.

అట్లాంటి డాక్టరు ఒక్కడే, జగదేవప్ప. బదిలీ అయి మూడేండ్లయింది.

కాలేబు రెండు పేజీల ఉత్తరం రాసి, తోటి కార్యకర్త మొగులప్పకు చూపించాడు.

"ఏందిరా గిది? అన్నీ దండాలే! నువ్వేం జేసినవో ఒక్క ముక్క లేదు. సారుకు నీ మొఖం యాదుంటదా?"

కాలేబు నవ్వుకుంటూ చింపేశాడు. మళ్లీ రాశాడు: "సారూ, 1981 నుంచి 84 దాకా మీ కింద పనిచేసిన కాలేబును. ఈ శిక్షణకు దరఖాస్తు పెడుతున్నాను. నా పని చూసింది మీరే. సిఫారసు రాయగలరా? వీలు కాకుంటే ఏమనుకోను. ఆఖరు తేదీ మే ఇరవై."

పని వివరం వేరే కాగితం మీద, ఒకే పేజీ. అరికాలి పుండ్లున్నవాళ్లు ముప్పై ఎనిమిది మంది. మానినవాళ్లు ఇరవై ఏడు. మాననివాళ్లు పదకొండు.

"గా పదకొండు ఎందుకురా? తీసెయ్" అన్నాడు మొగులప్ప.

"వాళ్లు లేకుంటే లెక్క అబద్ధమైతదన్నా."

ఆ పదకొండు మంది కూలికి పట్నం పోయారనీ, చెప్పులు అరిగినా కొత్తవి అందలేదనీ కింద రాశాడు. శిక్షణ ఇచ్చే సంస్థ చిరునామా రాసి, తపాలా బిళ్ల అంటించిన కవరు కూడా జతపెట్టి పోస్టు డబ్బాలో వేశాడు.

ఇగ రోజూ పోస్టాఫీసుకే. పదిహేనో రోజున పోస్టుమాన్ శంకరప్ప దూరం నుంచే కార్డు ఊపాడు. కాలేబు సైకిలు పడేసి పరిగెత్తాడు.

"కాలేబూ, బాగా యాదున్నవ్. సిఫారసు నేరుగా సంస్థకు పంపిన. నేను చూసిందే రాసిన. మాననోళ్ల సంగతి దాచకుండ చెప్పిండని గూడ రాసిన. నీ కాగితం దాంట్లనే పెట్టిన. శిక్షణయినంక ఆ పదకొండు మందికి ఏం జెయ్యాల్నో నాకు రాయి."

కాలేబు కార్డును గట్టిగా చదివాడు, మళ్లీ చదివాడు. బజారులో అటుగా పోతున్నవాళ్లు ఆగిపోయారు. "ఏమైందిరా?" అని ఎవరో అడిగితే, "సారు రాసిండు!" అని మాత్రమే అనగలిగాడు.

జూన్‌లో ఎంపిక కాగితం వచ్చింది. శిక్షణకు బయల్దేరిన రోజు పొద్దున బస్సులో సీటు దొరకలేదు. హైదరాబాదు దాకా నిలబడే పోయాడు, కాళ్ల నొప్పి అనిపించనే లేదు.